ఇరవై ఒక్క రోజులు దాటినా పగలని గుడ్లు: పరకాల దగ్గర ఒక బ్యాచ్ కేస్ స్టడీ

జనవరి 30, గురువారం పొద్దున ఏడు గంటలకు ఫోన్. పరకాల దగ్గరి ఊరి నుంచి ఒక చెల్లె. నా దగ్గరే పోయినేడు థర్మాకోల్ పెట్టెతో ఇంక్యుబేటర్ చేసుకోవడం నేర్చుకుంది.

"అన్నా, నిన్ననే పిల్లలు రావాలె. ఇయ్యాల పొద్దుగాల దాక ఒక్క గుడ్డు గూడ ముక్కు పొడువలే. మా అత్తమ్మ పారెయ్యమంటుంది. ఏం చెయ్యమంటవు?"

పారెయ్యొద్దని, పెట్టె మూత తెరవొద్దని చెప్పి, గుడ్లు ఏ రోజు ఏ టైముకు పెట్టిందో అడిగాను. జనవరి 9, గురువారం, సాయంత్రం ఆరు గంటలకట. క్యాలెండర్ మీద ఆ రోజు గడిలో ఒకటి రాసి, అక్కడి నుంచి వరుసగా అంకెలు వేసుకుంటూ పోయింది. ఇరవై ఒకటో అంకె జనవరి 29 మీద పడింది.

తొలి తప్పు అక్కడే ఉంది. నేను హన్మకొండలో ఊళ్ల వాళ్లకు నాటుకోడి గుడ్లు పొదిగించి ఇచ్చే చిన్న హేచరీ నడుపుతాను. నా దగ్గరికి వచ్చే వాళ్లలో సగం మంది ఇలాగే లెక్కపెడతారు. కోడి కింద గుడ్లు వేసినప్పుడు ఈ లెక్క తేడా ఎవరికీ తెలియదు. కోడి తన పని తాను చేసుకుంటుంది, పిల్లలు దిగినంక మనం చూస్తాం. మిషన్‌లో అలా కాదు. ఏ రోజు గుడ్లు తిప్పడం ఆపాలి, ఏ రోజు నీళ్లు పెంచాలి అన్నది మనమే తేల్చాలి. కాబట్టి ఒక రోజు తేడా కూడా పని పాడు చేస్తుంది.

గుడ్డు పెట్టిన రోజు ఒకటో రోజు కాదు, సున్నా రోజు. గురువారం సాయంత్రం ఆరింటికి పెడితే శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఒక రోజు నిండుతుంది. కోడిగుడ్డుకు 21 రోజులంటే 504 గంటలు. మూడు వారాలే కాబట్టి వేళ్ల మీద లెక్కపెట్టే పని కూడా లేదు. వారంలో ఏ రోజు పెట్టామో మూడు వారాల తర్వాత అదే రోజు, అదే టైముకు గడువు. గురువారం సాయంత్రం పెట్టిన గుడ్లకు మూడో గురువారం సాయంత్రమే గడువు, అంటే జనవరి 30, ఆరు గంటలు. ఆమె ఫోన్ చేసేసరికి ఆ గడువుకు ఇంకా పదకొండు గంటలుంది.

ఈ మాట చెబితే ఆమెకు కొంత ఊపిరి వచ్చింది. నాకు మాత్రం రాలేదు. అంతా సరిగ్గా నడిచిన బ్యాచ్‌లో గడువుకు పదకొండు గంటల ముందు కొన్ని గుడ్లయినా ముక్కు పొడిచి ఉండాలి. పిల్ల పెంకుకు తొలి చిల్లు పెట్టినప్పటి నుంచి బయటికి రావడానికి మామూలుగా పన్నెండు గంటల నుంచి ఒక రోజు దాకా పడుతుంది. ఒక్క గుడ్డుకు కూడా చిల్లు లేదంటే బ్యాచ్ నిజంగానే వెనకబడి ఉంది. ఎంత వెనక అన్నది చూడకుండా చెప్పలేను. బండి తీశాను.

నేను వెళ్లేసరికి ఆమె ఇంకో సంగతి చెప్పింది, ఫోన్‌లో చెప్పనిది. ముందు రోజు రాత్రి ఇంట్లో వాళ్లు ఆగలేక ఒక గుడ్డు పగలగొట్టి చూశారు. లోపల పిల్ల బతికే ఉంది. ఒంటి నిండా నూగు వచ్చింది, గోళ్లు వచ్చాయి, కానీ పచ్చసొన సంచి పొట్ట బయటే వేలాడుతోంది. కాసేపటికి చచ్చిపోయింది. చెబుతుంటే ఆమె గొంతు వణికింది.

ఆ పిల్ల పోవడం బాధే. కానీ బ్యాచ్ ఎక్కడుందో అంతకంటే స్పష్టంగా చెప్పే ఆనవాలు లేదు. పచ్చసొన పొట్టలోకి పోవడం పంతొమ్మిదో రోజు దగ్గర మొదలై, పిల్ల బయటికి వచ్చే ముందు పూర్తవుతుంది. అది అంతా బయటే ఉందంటే పిల్ల వయసు పద్దెనిమిది, పద్దెనిమిదిన్నర రోజులు. గడియారం ప్రకారం మాత్రం అప్పటికి ఇరవై రోజులు దాటాయి. అంటే ఒకటిన్నర రోజు ఎక్కడో పోయింది.

మిగిలిన వాటిలో ఐదు గుడ్లు చీకట్లో లైటు పెట్టి చూశాను. గుడ్డు వెడల్పు కొన దగ్గర గాలి నిలిచే ఖాళీ ఉంటుంది, దాన్నే గాలి అర అంటాం. దాని గీత ఇంకా చాలావరకు సమంగానే ఉంది. పిల్ల బయటికి రావడానికి సిద్ధమైనప్పుడు ఆ గీత ఒక పక్కకు జారుతుంది, లోపల నీడ కదులుతుంది, ముక్కు గాలి అరలోకి పొడుచుకొస్తుంది. ఐదింటిలో ఒక్క దాంట్లోనే గీత జారింది. నాలుగింటిలో అడుగున కదలిక కనిపించింది. అన్నీ బతికే ఉన్నాయి, ఆలస్యంగా ఉన్నాయి. మూత వేసి, ఆ పోయిన ఒకటిన్నర రోజు ఎక్కడ పోయిందో వెతకడం మొదలుపెట్టాను.

పెట్టె బాగానే కట్టుకుంది. థర్మాకోల్ గోడలు, రెండు 60 వాట్ల బల్బులు, కంప్యూటర్ ఫ్యాను ఒకటి, అడుగున నీళ్ల గిన్నె. వేడిని అదుపు చేసేది మార్కెట్లో ఎక్కడైనా దొరికే W1209 బోర్డు. స్క్రీన్ మీద 37.6 సెట్ చేసింది. ఫ్యాను ఉన్న పెట్టెకు అది సరైన నంబరే. ఫ్యాను లేని పెట్టె అయితే గుడ్ల పైభాగం దగ్గర 38.3 నుంచి 38.8 దాకా పెట్టాలి, అక్కడ వేడి పొరలు పొరలుగా నిలబడుతుంది కాబట్టి.

పెట్టె ముందు ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాను. రిలే టక్కుమంది, బల్బు ఆరింది. స్క్రీన్ 37.6 దాటి 37.8 దాకా పోయి, మెల్లగా దిగడం మొదలుపెట్టింది. 37.2. 36.9. 36.4. బల్బు వెలగలేదు. 36.0. ఇంకా వెలగలేదు. 35.6 దగ్గర టక్కుమంది, బల్బు వెలిగింది, అయినా 35.5 దాకా జారి అప్పుడు ఎక్కింది. ఇదే ఆట మళ్లీ మళ్లీ. ఇరవై నిమిషాలు అలాగే చూశాను, తేడా లేదు.

ఆ బోర్డులో P1 అని ఒక సెట్టింగ్ ఉంటుంది. బల్బు ఆరిన తర్వాత వేడి ఎంత దిగితే మళ్లీ వెలిగించాలో అది చెబుతుంది. కంపెనీ నుంచి వచ్చేటప్పుడే అది 2.0 మీద ఉంటుంది. వేడి చేసే పద్ధతిలో పెట్టినప్పుడు ఆ రెండు డిగ్రీలూ సెట్ చేసిన నంబరుకు కింది వైపే పడతాయి. అంటే మనం 37.6 అని పెడితే బోర్డు ఆ నంబరును పైకప్పు అనుకుంటుంది, దాని కింద రెండు డిగ్రీల లోతులో ఊగుతుంది. ఆమె ఎప్పుడు తొంగి చూసినా ఒకసారి 37.5 కనిపించేది, ఒకసారి 36.2. ఊగడం మామూలే అనుకుంది.

ఇక్కడ చాలా మందికి ఒక అపోహ ఉంటుంది. వేడి ఊగడం వల్లే పిల్లలు ఆలస్యమవుతాయని అనుకుంటారు. పది నిమిషాలకోసారి గాలి వేడి కిందా మీదా అయితే గుడ్డుకు అది దాదాపు తెలియదు. గుడ్డులో ఎక్కువ భాగం నీళ్లే. గాలి వేడెక్కినంత తొందరగా నీళ్లు వేడెక్కవు, చల్లారినంత తొందరగా చల్లారవు. గుడ్డు ఆ ఊగులాట మధ్యలో సగటు దగ్గర నిలబడుతుంది. కాబట్టి చూడాల్సింది సగటు ఎక్కడుందో.

ఈ సంగతి ఆమెకు నోటితో చెప్పే బదులు చూపించాను. దగ్గు మందు సీసా ఖాళీది ఒకటి తెమ్మని, గోరువెచ్చని నీళ్లు నింపి, గుడ్ల మధ్య పెట్టాను. మూత ఎత్తకుండా ఉండాలని పక్కన గాలి కోసం చేసిన కంతలోంచే దూర్చాను. గంటన్నర తర్వాత దాంట్లోకి జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ కొన ముంచితే 97.5 చూపించింది. సెల్సియస్‌లో 36.4. స్క్రీన్ మీద నంబరు 35.5 దగ్గరున్నప్పుడు చూసినా, 37.8 దగ్గరున్నప్పుడు చూసినా సీసాలో ఆ 36.4 కదల్లేదు. "గుడ్డు లోపల గూడ ఇంతేనా అన్నా?" అంది. ఇంతే.

లెక్క కూడా సరిపోవాలి కదా. 35.5కూ 37.8కూ నడుమ 36.6 చిల్లర, సీసా 36.4 అంటోంది. ఆ రెండు పాయింట్ల తేడా సెన్సార్‌ది. ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో బోర్డు సెన్సార్ కొనను, జ్వరం థర్మామీటర్ కొనను పక్కపక్కనే ముంచి చూస్తే బోర్డు 37.4 అంది, థర్మామీటర్ 37.2 అంది. చవక బోర్డుల్లో ఇంత తేడా మామూలే. జ్వరం థర్మామీటర్ మనకు కావాల్సిన చోటే, ఆ నాలుగైదు డిగ్రీల మధ్యే, బాగా నమ్మదగిన పనిముట్టు. ఐదు వందల రూపాయల కొత్త మీటరు కొనే ముందు ఇంట్లో ఉన్న దానితో సరి చూసుకోవచ్చు.

అంటే గుడ్లు మూడు వారాలూ 37.6లో కాకుండా 36.4లో ఉన్నాయి. ఒకటీ పాయింటు రెండు డిగ్రీల లోటు. మొదటి నుంచి చివరి దాకా సగటు ఒక డిగ్రీ సెల్సియస్ తక్కువుంటే గడువు ఒక రోజు నుంచి ఒకటిన్నర రోజు దాకా వెనక్కి పోతుంది. నా పెట్టెల్లో, నాటుకోడి గుడ్లతో నేను రాసుకున్న దాన్ని బట్టి ఒక డిగ్రీకి ఒకటింబావు రోజు అని పట్టుకుంటాను. ఫోన్‌లో షీట్ వాడే వాళ్లు దాన్ని ఇలా రాసుకోవచ్చు:

```
=A2+21+(37.6-B2)*1.25
```

A2 గడిలో గుడ్లు పెట్టిన తేదీ, టైము. B2 గడిలో నీళ్ల సీసా చూపించిన సగటు. ఈ బ్యాచ్‌కు లోటు 1.2, దాన్ని 1.25తో గుణిస్తే ఒకటిన్నర రోజు, అంటే 36 గంటలు. జనవరి 30 సాయంత్రం ఆరింటికి అది కలిపితే ఫిబ్రవరి 1, శనివారం పొద్దున ఆరు. ఇది సగం పిల్లలు దిగే టైము అనుకోవాలి, మొదటి పిల్లది కాదు. ముందు రాత్రి చచ్చిపోయిన పిల్ల వయసు చెప్పిన లెక్క, ఈ లెక్క ఒకదానికొకటి కలిశాయి. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

ఇంకో రెండు చిన్న సంగతులు అడిగి తెలుసుకున్నాను. గుడ్లు తొమ్మిది రోజులుగా కూడబెట్టినవి. నిలవున్న గుడ్డు మెల్లగా మేలుకుంటుంది, ఒక్కో రోజు నిలవకు సుమారు ఒక గంట ఆలస్యం పడుతుంది. తొమ్మిది రోజుల గుడ్డు, నిన్నటి గుడ్డు ఒకే పెట్టెలో ఉంటే పిల్లలు ఒకేసారి దిగవు, ముందూ వెనకా అవుతాయి. రెండోది, సంక్రాంతి పోయిన వారం, జనవరి 20 రాత్రి, నాలుగు గంటలు కరెంటు పోయింది. పెట్టె మీద దుప్పటి కప్పిందట, కరెంటు వచ్చేసరికి స్క్రీన్ 30 చూపించిందట. అప్పటికి పదకొండు రోజుల పిల్ల. ఆ వయసు పిల్లను ఆ చల్లదనం చంపదు, ఎదుగుదలను నెమ్మది చేస్తుంది, అంతే. దానికి రెండు మూడు గంటలు కలుపుకున్నాను. నాటుకోడి గుడ్డు చిన్నది కాబట్టి పెద్ద గుడ్డు కంటే కాస్త ముందే దిగుతుంది. ఆ ఆలస్యంలో కొంత అటు కొట్టుకుపోతుంది. ఇవన్నీ కలిపి శనివారం పొద్దున ఆరుకూ పదికీ మధ్య సగం పిల్లలు దిగుతాయని గోడ మీద క్యాలెండర్‌లో రాసి పెట్టాను.

బోర్డులో P1ను 0.2 చేశాను, P4లో సెన్సార్ తేడాను -0.2 అని పెట్టాను. పెట్టె అప్పటి నుంచి 37.4కూ 37.8కూ మధ్య నిలబడింది. బల్బు తొందర తొందరగా వెలిగి ఆరుతుంటే ఆమె భయపడింది, అది అలాగే ఉండాలి. "వెనకబడ్డయి గదా, ఇంకో డిగ్రీ పెంచరాదే?" అని వాళ్ల అత్తమ్మ అడిగింది. అడగడంలో తప్పు లేదు. కానీ చివరి రోజుల్లో పిల్లలు తమంతట తామే వేడి పుట్టిస్తుంటాయి, గుడ్డు లోపల గాలి కంటే వేడిగా ఉంటుంది. అప్పుడు పైనుంచి వేడి పెంచితే పోయిన రోజు తిరిగి రాదు, ఉన్న పిల్ల ఉడుకుతుంది. 35 డిగ్రీల్లో మూడు నాలుగు గంటలుంటే పిల్ల నెమ్మదిస్తుంది. 40.5లో అరగంట ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. చల్లదనం వైపు మనకు చాలా జాగా ఉంది, వేడి వైపు లేదు.

ఆమె లెక్క ఒక రోజు ముందుండటం వల్ల ఇంకోటి కూడా జరిగింది. జనవరి 26న పద్దెనిమిదో రోజనుకుని గుడ్లు తిప్పడం ఆపి, తేమ 70 శాతానికి పెంచింది. నిజంగా పద్దెనిమిది రోజులు నిండింది 27 సాయంత్రానికి. పిల్లల వయసు చూస్తే 28 రాత్రి దాటాకే ఆ పని చెయ్యాలి. తిప్పడం రెండు రోజుల ముందు ఆగితే పెద్ద నష్టం లేదు, తిప్పడం మొదటి రెండు వారాల్లోనే ముఖ్యం. తేమ ముందే పెరిగితే మాత్రం గుడ్డులోని నీరు ఆరాల్సినంత ఆరదు, గాలి అర చిన్నగా ఉండిపోతుంది. బ్యాచ్ వెనకబడిందని తెలిస్తే ఈ తేదీలను కూడా అంతే వెనక్కి జరుపుకోవాలి.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకు మొదటి చిల్లు. రాత్రి పదకొండుకు మొదటి పిల్ల. శనివారం పొద్దున తొమ్మిదికి పదమూడు, అంటే దిగిన వాటిలో సగం. చివరి పిల్ల ఆదివారం పొద్దున ఆరింటికి. మొదటి పిల్లకూ చివరి పిల్లకూ ముప్పై ఒక్క గంటల తేడా. సరిగ్గా నడిచిన పెట్టెలో ఇది ఒక్క రోజులోపే అయిపోవాలి. ముందు దిగిన పిల్లలు మేత లేకపోతే ఏమవుతాయోనని ఆమె కంగారు పడింది కానీ, పొట్టలో చేరిన పచ్చసొన రెండు రోజులకు పైగా ఆకలి తీరుస్తుంది. మూత తీసి వాటిని బయటికి తీస్తే లోపల తేమ పోయి, ముక్కు పొడిచిన గుడ్ల పొర ఎండి పిల్లకు అంటుకుంటుంది. శనివారం రాత్రి ఒక్కసారే తీశాం.

పెట్టినవి 42. ఏడో రోజు లైటు పెట్టి చూసినప్పుడు ఆరు పిల్ల కట్టనివి, లోపల పిల్ల చచ్చి రక్తపు చుట్ట కనిపించినది ఒకటి తీసేసింది. నరాలు సన్నగా కనిపించాయని అప్పుడే అనుకుందట. వెనకబాటు ఏడో రోజే కనిపించింది, పోల్చుకోవడానికి ఇంకో బ్యాచ్ లేక తెలియలేదు. మిగిలిన 35లో ఒకటి పగలగొట్టినది పోగా 34. వాటిలో 26 పిల్లలు దిగాయి.

దిగని ఎనిమిదింటిని ఇద్దరం కలిసి విప్పి చూశాం. ఈ పని చాలా మంది చెయ్యరు, వాసనకు భయపడి గోతిలో పూడ్చేస్తారు. బ్యాచ్‌లో ఏం జరిగిందో ఆ గుడ్లే చెబుతాయి. ఐదింటిలో పిల్ల పూర్తిగా తయారై, పచ్చసొన సగం లోపలికి పోయి ఆగింది. రెండు నడుమ వయసులో, నూగు అప్పుడప్పుడే వచ్చేటప్పుడు పోయాయి. ఒకటి తొలి వారం దాటగానే. ఎక్కువ భాగం ఆఖరున ఆగిపోవడం తక్కువ వేడిలో నడిచిన బ్యాచ్ గుర్తు. దిగిన పిల్లల్లో నాలుగింటి పొట్ట మెత్తగా ఉబ్బి, బొడ్డు పూర్తిగా మూసుకోలేదు. అది కూడా అదే గుర్తు. వాటి బొడ్డుకు బీటాడిన్ రాసి, విడిగా పొడి గుడ్డ మీద ఉంచాం. నాలుగింటిలో రెండు నిలబడ్డాయి.

ఎక్కువ వేడిలో నడిస్తే కథ ఇంకోలా ఉంటుంది. పిల్లలు గడువుకు ముందే, ఇరవయ్యో రోజుకో అంతకంటే ముందో దిగుతాయి. చిన్నగా, ఎండినట్టుగా ఉంటాయి, బొడ్డు గరుకుగా ఉంటుంది, కొన్నిటి కాళ్లు పక్కలకు జారిపోతాయి. ముందే దిగాయని సంతోషపడే వాళ్లను చూశాను. అది సంతోషపడే విషయం కాదు.

అదే పెట్టెలో ఫిబ్రవరి 6, గురువారం రాత్రి ఎనిమిదింటికి ఇంకో నలభై గుడ్లు పెట్టింది. ఈసారి ఐదు రోజులకు మించి నిలవ లేనివి. పెట్టెను ముందు రోజే ఆన్ చేసి వేడి నిలబడ్డాక పెట్టింది. నీళ్ల సీసా గుడ్ల మధ్యే శాశ్వతంగా ఉంది, రోజుకు రెండుసార్లు చూసి రాసింది. సగటు 37.5. ఏడో రోజు ముప్పై ఐదు నిలిచాయి. గడువు ఫిబ్రవరి 27 రాత్రి ఎనిమిది. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికే సగం దిగాయి, ఐదు గంటలు ముందు. గుడ్లు చిన్నవి, తాజావి కాబట్టి ఆ మాత్రం ముందుండటం నాకు వింత కాదు. మొత్తం ముప్పై పిల్లలు, మొదటికీ చివరికీ పద్దెనిమిది గంటల తేడా.

ఆ షీట్ లెక్కను సగటు 36.2కూ 38కూ మధ్య ఉన్నప్పుడే నమ్ముతాను. అంతకు కింద పిల్లలు ఎంత ఆలస్యమని లెక్కపెట్టే బదులు ఎన్ని మిగులుతాయని చూసుకోవాలి. పైన అయితే లెక్కే పనికిరాదు. మా ఓరుగల్లు ఎండల్లో అదే జరుగుతుంది. ఏప్రిల్ నడిమికి రేకుల గదిలో మధ్యాహ్నం గాలే నలభై దాటుతుంది. ఈ బోర్డు బల్బును ఆర్పగలదు, గదిని చల్లబరచలేదు. బల్బు ఆరే ఉంటుంది, స్క్రీన్ 39 చూపిస్తూనే ఉంటుంది, లోపల పిల్లలు తమ వేడి తాము కలుపుతుంటాయి. మూడేళ్ల కింద ఏప్రిల్‌లో నేనూ అలాగే ఒక బ్యాచ్‌ను పోగొట్టుకున్నాను. పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం రెండు గంటల్లో అరవై గుడ్లు. అన్నిటిలోనూ పిల్ల తయారై ఉంది.

అందుకే ఆమెకు మార్చి 20 తర్వాత కొత్త గుడ్లు పెట్టొద్దని చెప్పాను. ఆ రోజు పెట్టినవి ఏప్రిల్ 10కి దిగుతాయి. పెట్టెను రేకుల గదిలోంచి తీసి గూన పెంకుల ఇంటి నడిమి గదికి మార్చింది. ఎండలు తగ్గి, జూన్‌లో రెండు వానలు పడ్డాక మళ్లీ మొదలుపెడతానంది. అప్పటిదాకా గుడ్లను పొదుగు మీదున్న కోళ్ల కిందనే వేస్తోంది.